కత్రినా పేరు మళ్లీ ఎందుకు రాదు?

అట్లాంటిక్ తుఫాన్లకు పాత పేర్లే మళ్లీ మళ్లీ వస్తాయి కదా, మరి 2005లో అమెరికాను అతలాకుతలం చేసిన హరికేన్, అంటే అక్కడి భీకర తుఫాను, కత్రినా పేరు మళ్లీ ఎందుకు రాలేదు?

అక్కడ 6 జాబితాలున్నాయి, ఏడాదికొకటి. ఒక్కోదాంట్లో 21 పేర్లు, ఆడ మగ పేర్లు ఒకటి విడిచి ఒకటి. Q, U, X, Y, Z లతో పేర్లు తక్కువని వాటిని వదిలేశారు. గాలి వేగం గంటకు సుమారు 63 కి.మీ. చేరగానే వరుసలోని తర్వాతి పేరు పెడతారు. ఆరేళ్లకు అదే జాబితా తిరిగొస్తుంది.

2005 జాబితా 2011లో తిరిగొచ్చింది, కానీ K దగ్గర కత్రినా లేదు, కాటియా ఉంది. ఎక్కువ ప్రాణనష్టమో ఆస్తినష్టమో చేసిన పేరును తీసేయమని దెబ్బతిన్న దేశం అడుగుతుంది. ప్రపంచ వాతావరణ సంస్థ ప్రాంతీయ హరికేన్ కమిటీ ఏటా జరిపే సమావేశంలో తేలుస్తుంది. తీసేస్తే అదే అక్షరంతో, ఆడపేరుకు ఆడపేరే పెడతారు. గాలి ఎంత బలంగా వీచిందన్నది కొలమానం కాదు; సముద్రంలోనే చల్లబడిన భీకర హరికేన్ పేరు మామూలుగా అలాగే ఉండిపోతుంది. బాధితులను నొప్పించకూడదన్నది ఒక కారణమైతే, వార్తల్లో, రికార్డుల్లో 'ఏ కత్రినా?' అన్న తికమక రాకూడదన్నది రెండోది.

మన బంగాళాఖాతంలో ఈ గొడవే లేదు. 13 దేశాలిచ్చిన పేర్లు ఒక్కసారే వాడతారు. 2014లో విశాఖను కుదిపేసిన హుద్‌హుద్, ఒమన్ ఇచ్చిన పేరు, అక్కడితో సరి.