జివ్వుమనే మిక్సీ, గట్టిపడే ఇడ్లీ

ప్రశ్న: ఇంట్లో నలుగురం. వారానికి మూడుసార్లు ఇడ్లీ గానీ దోసె గానీ ఉండాల్సిందే. 750 వాట్ల మిక్సీలో పప్పు రుబ్బుతున్నాం. దోసె బాగానే వస్తోంది, ఇడ్లీ మాత్రం రాయిలా ఉంటోంది. 1000 వాట్ల మిక్సీ తీసుకోవాలా, వెట్ గ్రైండరా? గ్రైండర్‌కి కరెంటు బిల్లు ఎక్కువ వస్తుందేమోనని భయం. మిక్సీని తడి చేత్తో ముట్టుకుంటే ఒక్కోసారి జివ్వుమంటుంది, అదేం పెద్ద సమస్య కాదు లెండి.

జవాబు: వెట్ గ్రైండర్ తీసుకోండి. అయితే మీ ఉత్తరంలో అసలు సమస్య చివరి వాక్యంలో ఉంది. దాని దగ్గరికి వస్తాను.

వాట్లు పెరిగితే ఇడ్లీ మెత్తబడదు. ఈ వాట్ల పిచ్చి అట్టపెట్టె మీది ప్రకటనలు అంటించిందే. రవ్వ ఇడ్లీకి మనం రుబ్బేది మినప్పప్పు ఒక్కటే. ఆ పిండిలో ఎంత గాలి నిలిస్తే ఇడ్లీ అంత మెత్తన. పప్పులో ఉండే జిగురూ మాంసకృత్తులూ కలిసి ఆ గాలిని పట్టి ఉంచుతాయి. గ్రైండర్‌లో రాళ్లు పప్పును నెమ్మదిగా నలుపుతూ, పిండిని మళ్లీ మళ్లీ మడతేస్తాయి. ఇరవై నిమిషాలకి పిండి వెన్నలా తెల్లబడి డ్రమ్ములో పైకి లేస్తుంది. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ పప్పును నరుకుతుంది, ఆ వేగానికి పిండి వేడెక్కుతుంది. పిండి కదలక జార్ గొంతు దగ్గర ఆగిపోతుంటే మనం నీళ్లు పోస్తాం. నీళ్లు ఎక్కువైన పిండిలో గాలి నిలవదు. దోసెను పల్చగా పరిచేస్తాం కాబట్టి ఆ లోటు కనిపించదు. ఇడ్లీ దాచలేదు.

తేడా తెలియాలంటే గిన్నెలో నీళ్లు పోసి, రుబ్బిన పిండి ఒక చుక్క వేయండి. తేలితే గాలి పట్టినట్టే. మునిగిందంటే ఇంకా రుబ్బాలి, లేదా నీళ్లు ఎక్కువయ్యాయి.

గ్రైండర్ వచ్చేదాకా (మిక్సీ సంగతి కింద చదివి, బాగు చేయించాకే) ఇలా చేయండి. గ్లాసు మినపగుళ్లు నాలుగైదు గంటలు నానబెట్టి, చివరి గంట ఫ్రిజ్‌లో ఉంచండి. రెండు వాయిలుగా వేయండి, జార్ సగానికి మించొద్దు. చల్లటి నీళ్లు చెంచాలతో పోస్తూ, నిమిషం తిప్పి అర నిమిషం ఆపండి. జార్ అడుగు చేతికి వెచ్చగా తగిలితే ఇంకాసేపు ఆపాల్సిందే. తర్వాత కడిగి పిండిన రెండు గ్లాసుల రవ్వ చేత్తో కలపండి. ఇడ్లీ మెరుగవుతుంది గానీ గ్రైండర్ పిండికి సాటి రాదు.

కరెంటు లెక్క మీరే చూడండి. 750 వాట్ల మిక్సీ ఆరు నిమిషాలు తిరిగితే 75 వాట్ అవర్లు. 150 వాట్ల గ్రైండర్ 25 నిమిషాలకి 62 దాకా. గ్రైండర్‌తో నొప్పి బిల్లులో లేదు, బరువులోనూ కడగడంలోనూ ఉంది. గుప్పెడు పప్పు వేస్తే రాళ్లకి అందక గోడలకి అంటుకుంటుంది కూడా. అందుకే నెలకోసారి ఇడ్లీ తినే ఇంటికి నేను గ్రైండర్ కొనమని చెప్పను.

ఇక ఆ జివ్వుమనడం. అది లీకేజీ కరెంటు. ఎర్త్ సరిగా ఉంటే అది వైరులోంచి పోవాలి, మీలోంచి కాదు. సాకెట్‌లో ఎర్త్ లేకపోవచ్చు, మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించి ఉండొచ్చు. వంటింట్లో ఆ కన్వర్టర్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎంసీబీ ఉందిగా అనకండి. అది షార్ట్ సర్క్యూట్‌కీ ఓవర్‌లోడ్‌కీ పడిపోతుంది గానీ, మనిషిని చంపడానికి సరిపోయే చిన్న కరెంటుని పట్టించుకోదు. దానికి లీకేజీని పసిగట్టి కరెంటు ఆపేసే స్విచ్, 30 మిల్లీఆంప్‌ల ఆర్‌సీసీబీ కావాలి. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడాలి, పడకపోతే మార్చాల్సిందే.

గ్రైండర్‌కి ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. లోహపు బాడీ, చుట్టూ నీళ్లు, తడి నేల మీద వట్టికాళ్లు, పైగా తిరుగుతుండగానే చెయ్యి పెట్టి పిండి తోసే అలవాటు. డ్రమ్ముని యంత్రం మీదే ఉంచి చెంబుతో నీళ్లు పోసి కడిగితే అవి కింద మోటారులోకి దిగుతాయి. కొందరు తయారీదారులు అక్కడ గట్టి రబ్బరు సీలు పెట్టడం మానేసి కొబ్బరి కోరే అటాచ్‌మెంట్ మీద శ్రద్ధ పెడతారు.

కాబట్టి ఇవాళే ఆ మిక్సీ ప్లగ్ పీకేయండి. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్ ఎర్త్ చూపించండి, మిక్సీని సర్వీసుకి ఇవ్వండి. గ్రైండర్ బేరం ఆ తర్వాత.