మల్లె మొక్క చిన్నదొచ్చింది, ఆకులు రాలాయి అనే గొడవలు రాకుండా లిస్టింగ్ ఎలా రాయాలి?

ప్రశ్న: మాది కడియం దగ్గర చిన్న నర్సరీ. బొండు మల్లె ఆన్‌లైన్‌లో పెట్టాం. కొన్నవాళ్లు "ఫోటోలో పెద్దగా ఉంది, వచ్చింది చిన్నది" అంటున్నారు. ఇంకొందరు ఆకులన్నీ రాలిపోయాయని డబ్బులు వెనక్కి అడుగుతున్నారు. లిస్టింగ్‌లో ఏం రాయాలి?

జవాబు: నేనూ కడియపులంక నుంచే మల్లె, గులాబీ పార్సిల్ చేస్తాను. మీ మొదటి గొడవకు మూలం ఎక్కువగా కవర్ సైజులో ఉంటుంది. మనం "6×8 కవర్" అంటే ఖాళీ కవర్ పరిచినప్పుడు ఉండే కొలత. మట్టి నింపాక దాని అడ్డం 4 అంగుళాలు కూడా ఉండదు. కొనేవాళ్లకు ఈ లెక్క తెలియదు, 6 అంగుళాల కుండీ వస్తుందనుకుంటారు. అందుకే కవర్ నంబర్ బదులు "మట్టి ముద్ద అడ్డం సుమారు 4, ఎత్తు 6 అంగుళాలు" అని రాయండి.

ఇక ఎత్తు. నర్సరీలో మొక్క అడుగున్నర ఉంటుంది కానీ మనం పంపేది అంత కాదు, కొనలు కత్తిరించి పెట్టెలో పెడతాం. కాబట్టి ఎత్తును పెట్టె నుంచి వెనక్కి లెక్కేయాలి. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. ఆ లెక్కా అసలు తూకమా, ఏది ఎక్కువైతే దానికే డబ్బు. 15×15×45 పెట్టె అయితే 2 కేజీలు కొంచెం దాటి పై శ్లాబులో పడుతుంది. అదే 40 అయితే 1.8 దగ్గర ఆగుతుంది. మొక్క అసలు బరువు కేజీన్నర చుట్టూ ఉంటుంది కాబట్టి 40 పెట్టె లాభం. అందులో మట్టి పోను మొక్కకు మిగిలే ఎత్తు 9 అంగుళాలు. నేను రాసేది అదే: "పంపేటప్పుడు మట్టిపై నుంచి 9 అంగుళాలు, 3 లేదా 4 కొమ్మలు." మల్లె పొద కదా, ఎత్తు కన్నా కొమ్మల సంఖ్యే అసలు సంగతి చెబుతుంది. మొదటి ఫోటో ఈ కత్తిరించిన మొక్కదే, పక్కన టేపు పెట్టి తీయండి. పూల ఫోటో తర్వాత పెట్టి, కింద "ఇది తల్లి మొక్క" అని రాయండి. ఆర్డర్లు కొంచెం తగ్గుతాయి, నిజమే. వాపసులు అంతకన్నా బాగా తగ్గుతాయి.

ఆకులు రాలడం వేరే కథ. మూడు నాలుగు రోజులు చీకట్లో, వేడిలో ఉంటే మల్లె ఆకు పసుపెక్కి రాలుతుంది. మొగ్గలైతే ఇంకా ముందే రాలతాయి. అది చావు కాదు. ఈ మాట పార్సిల్‌తో పంపే చీటీలో కాదు, కొనక ముందు చదివే చోట ఉండాలి. మా దాంట్లో ఇలా ఉంటుంది:

"దారిలో ఆకులు, మొగ్గలు చాలావరకు రాలవచ్చు. కాండాన్ని గోటితో కొంచెం గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే మొక్క బతికే ఉంది, రెండు మూడు వారాల్లో చిగురిస్తుంది. మొదలు నల్లబడి మెత్తగా ఉంటే, లేదా గీకితే గోధుమ రంగు కనిపిస్తే ఫోటో పంపండి, వేరే మొక్క ఇస్తాం. కొమ్మ విరిగినా, మట్టి ముద్ద చెదిరినా అందిన రోజే ఫోటో కావాలి. చిగురు రాకపోతే 20 రోజుల వరకు అడగవచ్చు."

గడువులు రెండూ వేరుగా పెట్టడం ముఖ్యం. విరగడం ఆ రోజే కనిపిస్తుంది. చచ్చిందో లేదో అప్పుడే తేలదు. అన్నిటికీ 24 గంటలే అంటే కొన్నవాళ్లు కంగారుపడి మంచి మొక్కనే చచ్చిందంటారు.

సంరక్షణ గురించి పెద్ద వ్యాసం వద్దు, ఎవరూ చదవరు. పార్సిల్ అందాక మొక్క చచ్చేది ఎక్కువగా ఆ రోజే కుండీ మార్చడం వల్ల. మట్టి ముద్ద విరిగి సన్న వేర్లు తెగుతాయి, పైగా ఎరువు వేసి ఎండలో పెడతారు. అందుకని "కనీసం వారం రోజులు కవర్‌లోనే, నీడలో ఉంచండి. మట్టి పైన ఆరితేనే నీళ్లు. చిగురొచ్చాకే కుండీ, ఎరువు, 5-6 గంటల ఎండ" అని రాస్తే చాలు.

మీ వైపు ముందు రోజు సాయంత్రం నీళ్లు పోయండి, ప్యాకింగ్ రోజు వద్దు. తడి మట్టికి మూత కట్టినట్టయి మొదలు కుళ్లుతుంది. సోమ, మంగళవారాల్లోనే పంపండి, ఆదివారం గోడౌన్‌లో ఇరుక్కోకుండా. ఏప్రిల్, మే నెలల్లో ఐదు రోజులు దాటే పిన్‌కోడ్‌లను నేను ఆపేస్తాను. డిసెంబర్, జనవరిలో కత్తిరింపు వేసిన మొక్క ఫోటోలో బోడిగా ఉంటుంది గానీ, రాలడానికి ఆకే ఉండదు కాబట్టి ప్రయాణానికి అదే మేలు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు అడిగితే మామూలు పార్సిల్‌లో మొక్క పంపకండి. మొక్కకు తెగుళ్లు, పురుగులు లేవని ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకుంటే అక్కడి కస్టమ్స్‌లో ఆగిపోతుంది. కొన్ని దేశాలకు దిగుమతి అనుమతి కూడా ముందే కావాలి. లిస్టింగ్‌లోనే "భారత్‌లో మాత్రమే" అని పెట్టేయండి.