పాస్‌బుక్‌లో 7 శాతం వడ్డీ పడింది, 4 శాతం ఎక్కడ పోయింది?

"సార్, మా నాన్నగారు వరి మీద 2024 జూన్ 18న 2 లక్షల పంట రుణం తీశారు. 2025 మార్చి 31న పాస్‌బుక్ ప్రింట్ చేయిస్తే వడ్డీ 10,970 అని పడింది. 4 శాతమే అన్నారు కదా, ఇది 7 శాతం లెక్క. పైగా కిసాన్ క్రెడిట్ కార్డు 2020 జూన్‌లో ఇచ్చింది, ఇప్పుడు రెన్యువల్ అంటున్నారు. వడ్డీ మాత్రం కట్టి రెన్యువల్ చేయించేస్తే సరిపోతుందా?"

బ్యాంకు వేసిన లెక్క సరైనదే. 2 లక్షలకు 7 శాతం అంటే రోజుకు 38 రూపాయల చిల్లర, జూన్ 18 నుంచి మార్చి 31కి 286 రోజులు, అంతా కలిపితే మీరు చూసిన 10,970. కేంద్రం ఇచ్చే రాయితీలో రెండు ముక్కలున్నాయి. మొదటిది 1.5 శాతం, అది నేరుగా బ్యాంకుకే వెళ్తుంది, దాని వల్లే బ్యాంకు మీకు 7కి ఇస్తోంది కాబట్టి పాస్‌బుక్‌లో దాని కోసం వెతక్కండి, ఎప్పటికీ కనిపించదు. రెండోది గడువు లోపల తీర్చినవాళ్లకు 3 శాతం. ఇది ముందుగా తగ్గించి వేసేది కాదు. అప్పు తీర్చాక, బ్యాంకు కిసాన్ రిన్ పోర్టల్‌లో క్లెయిమ్ పెట్టాక, విడిగా క్రెడిట్ ఎంట్రీగా పడుతుంది, చాలాసార్లు నెలలు పడుతుంది. అంటే మొదట 7 కట్టాలి, తర్వాత 3 వెనక్కి రావాలి. ఖాతాకు ఆధార్ లింక్ లేకపోతే అక్కడే ఆగిపోతుంది, అది ఒకసారి చూసుకోండి. లక్ష లోపు రుణాలకు రాష్ట్రం ఇచ్చే వడ్డీ రాయితీ వేరే లెక్క, దాన్ని ఇందులో కలపకండి.

ఇక అసలు సంగతి గడువు తేదీ. అది మామూలుగా పాస్‌బుక్‌లో ఉండదు. మార్చి 31 అనేది వడ్డీ వేసిన రోజే, గడువు కాదు. పంట కోసి అమ్ముకునే కాలాన్ని బట్టి బ్యాంకు తేదీ పెడుతుంది, మంజూరు పత్రంలో ఉంటుంది. రాయితీ మాత్రం ఎంత లాగినా డబ్బు తీసిన రోజు నుంచి ఏడాది దాటదు. కాబట్టి బ్యాంకు అంతకంటే ముందు తేదీ పెట్టిందేమో కనుక్కోండి, పెట్టకపోతే మీ ఆఖరి రోజు జూన్ 17 అనుకోండి. జూన్ 10న మొత్తం కడితే వడ్డీ 13,693, అందులో 5,868 తర్వాత తిరిగొస్తుంది, చేతి నుంచి పోయేది 7,825. అదే జూన్ 25న కడితే? ఆలస్యం వారమే, పోయేది మాత్రం ఆ 3 శాతం మొత్తం. గడువు దాటాక బ్యాంకు మామూలు రేటు మొదలవుతుంది, వడ్డీ మీద వడ్డీ కూడా అప్పటి నుంచే.

వడ్డీ మాత్రం కడితే చాలదు. అసలు అలాగే ఉంటే జూన్ 18 నాటి డబ్బు తీరినట్టు కాదు, 3 శాతం దక్కుతుందని నమ్ముకోవద్దు. మొత్తం కట్టి, మళ్లీ తీసుకోవాలి. చాలామంది ఇందుకు రెండు రోజులకు చేబదులు తెస్తారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినా, ఇచ్చినాయన నెల వడ్డీ మొత్తం పట్టుకున్నా 4,000, అయినా మీకు 1,868 మిగులుతుంది. తెచ్చిన డబ్బు రెండు రోజుల్లో తిరిగి ఇవ్వగలిగితేనే ఈ లెక్క.

మీ దగ్గర చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది. కార్డు లిమిట్ ఐదేళ్లకు ఇస్తారు, మీది ఈ జూన్‌తోనే అయిపోతుంది. లిమిట్ గడువు ముగిశాక డబ్బు కడితే ఖాతా తీసుకుంటుంది, కానీ కొత్త మంజూరు వచ్చేదాకా మళ్లీ తీయనివ్వదు. నారుమళ్లు పోసే వేళకు చేతిలో రూపాయి లేకుండా, పైన చేబదులు వడ్డీ నడుస్తూ ఉంటుంది. నాకు తెలిసిన ఒక కుటుంబం ఇలాగే నెలన్నర ఇరుక్కుంది, వాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఇవాళ కడితే రేపు తీసుకోవచ్చా?"

అందుకే మే మొదట్లోనే రెన్యువల్ దరఖాస్తు పెట్టించండి. 1బి, అడంగల్, ఆధార్, పట్టాదారు పాస్‌బుక్ తీసుకెళ్లండి. ఏటా జరిగే సమీక్ష వేరు, ఇది వేరు, కౌంటర్ దగ్గర రెండింటినీ రెన్యువల్ అనే పిలుస్తారు కాబట్టి ఏది చేస్తున్నారో అడగండి. కొత్త లిమిట్ ఎకరానికి ఆ పంటకు జిల్లా కమిటీ ఖరారు చేసిన మొత్తంతో మొదలవుతుంది, దాని మీద ఇంటి ఖర్చులు, కోత తర్వాతి ఖర్చులకు 10 శాతం, పనిముట్ల నిర్వహణకు 20 శాతం కలుపుతారు. నాన్నగారు వరి నుంచి మిర్చికి మారి ఉంటే చెప్పండి, లేదంటే పాత వరి లెక్కే వేస్తారు. మంజూరు చేతికి వచ్చాక జూన్ 10 లోపు మొత్తం కట్టండి, రసీదు దాచండి, 3 శాతం పడకపోతే బ్రాంచ్‌లో క్లెయిమ్ పెట్టారా అని అడగడానికి ఆ కాగితమే ఆధారం.