కరెంటు బిల్లు కట్టడానికి లోన్ యాప్‌లో అప్పా?

ప్రశ్న: మా బిల్డింగ్‌లో మూడు పోర్షన్లు, మూడూ అద్దెకే. మెయిన్ మీటర్ ఒకటే, పోర్షన్‌కో సబ్ మీటర్ ఉంది. ఈ నెల మెయిన్‌లో 560 యూనిట్లు తిరిగాయి. బిల్లు 4,480 రూపాయలు, అందులో ఫిక్స్‌డ్ ఛార్జీలు 280. సబ్ మీటర్లలో నావి 140, మిగతా ఇద్దరివి 190, 150. ఓనర్ యూనిట్‌కి 10 చొప్పున 1,400, కామన్ ఛార్జీ 300, మొత్తం 1,700 అడిగారు. నెలాఖరు కావడంతో లోన్ యాప్‌లో తీసుకుని కట్టేశాను. లెక్క సరైనదేనా?

జవాబు: కాదు. ముగ్గురూ కట్టింది కలిపితే బిల్లు మొత్తం రావాలి, అంతకు మించకూడదు. మిగతా ఇద్దరికీ ఇదే పద్ధతైతే 480 యూనిట్లకు 4,800, కామన్ పేరుతో మరో 900, అంటే 5,700 వసూలవుతోంది. బిల్లు కన్నా 1,220 ఎక్కువ. ఓనర్ మోసం చేస్తున్నారని అప్పుడే అనుకోకండి. బిల్లులో కనిపించే పై స్లాబు రేటును అన్ని యూనిట్లకూ వేసేయడం చాలా చోట్ల జరిగే పొరపాటే.

సరైన లెక్క ఇలా ఉంటుంది. బిల్లులోంచి ఫిక్స్‌డ్ ఛార్జీలు తీసేస్తే 4,200. దాన్ని మెయిన్ మీటర్ యూనిట్లతో, అంటే 560తో భాగిస్తే యూనిట్‌కి ఏడున్నర పడుతుంది. మీ 140కి 1,050. సబ్ మీటర్లలో పడని 80 యూనిట్లకు 600, ఫిక్స్‌డ్ 280 కలిపి 880. దాన్ని మూడు భాగాలు చేస్తే తలా 293. మీ వాటా 1,343. అంటే 357 ఎక్కువ కట్టారు. బిల్లులో పాత బకాయో, ఆలస్య రుసుమో ఉంటే దాన్ని ముందే పక్కన పెట్టండి. అది ఎవరి వల్ల వచ్చిందో వాళ్లే కట్టాలి.

ఇక ఆ 80 యూనిట్లు నిజంగా కామన్‌వేనా అన్నది చూడాలి. ఒక హెచ్‌పీ మోటారు గంట నడిస్తే సుమారు ఒక యూనిట్. రోజూ గంటన్నర నడిస్తే నెలకు 45. పది వాట్ల మెట్ల లైట్లు నాలుగు రాత్రంతా వెలిగితే మరో 15. మొత్తం 60. మిగిలిన 20 మీటర్ల మధ్య చిన్న తేడాల వల్లో, రీడింగులు వేరువేరు రోజుల్లో తీయడం వల్లో రావచ్చు. అందుకే మెయిన్ రీడింగ్ తీసిన రోజే నాలుగు మీటర్లకూ ఫోటోలు తీసుకోండి. వచ్చే నెల 80 కాస్తా 150 అయితే మాత్రం ఊరుకోవద్దు. ట్యాంకు పొంగుతూ మోటారు నడుస్తూ ఉండొచ్చు, సబ్ మీటర్లలో పడకుండా ఇంకో లైన్ పోతుండొచ్చు.

పట్టుకోవడం తేలికే. మీ పోర్షన్ మెయిన్ స్విచ్ ఆపి సబ్ మీటర్ మీది చిన్న ఎర్ర లైటు చూడండి. అప్పుడూ ఆగి ఆగి వెలుగుతుంటే ఎవరిదో లోడ్ మీ మీటర్ మీద ఉన్నట్టు. ఆ సమయంలో మోటారు కూడా ఆన్ చేసి చూడండి, దానికి కరెంటు మీ మీటర్ గుండా పోతుంటే తెలిసిపోతుంది. తర్వాత ముగ్గురూ స్విచ్‌లు ఆపి, మోటారు, మెట్ల లైట్లు కూడా ఆపి మెయిన్ మీటర్ చూడండి. దాని లైటు అప్పుడూ ఆగి ఆగి వెలుగుతుంటే లెక్కలోకి రాని లైన్ ఉన్నట్టే. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించమని ఓనర్‌ని అడగండి, బాక్సు మీరు విప్పొద్దు.

విడి కనెక్షన్లు తీసుకుంటే ముగ్గురి యూనిట్లూ కలిసి పై స్లాబులోకి పోయే బాధ తప్పుతుంది. ఓనర్ ఒప్పుకుంటే మంచిదే.

కానీ నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీటర్ కాదు, ఆ లోన్ యాప్. ప్రతి నెలా వస్తుందని ముందే తెలిసిన 1,700 కోసం అప్పా? రెండు రోజులు గడువు అడిగి, ఆ లోపు ఈ కూడిక చేసుంటే 357 మిగిలేది, అప్పు కూడా తగ్గేది. ఆ అప్పును కొత్త అప్పుతో తీర్చకండి, గడువు పొడిగించుకోకండి. జీతం పడగానే మొదట అదే కట్టేసి యాప్ తీసేయండి.

తర్వాత వేరే సేవింగ్స్ ఖాతాలో ఎమర్జెన్సీ ఫండ్ మొదలుపెట్టండి. ముందు ఒక నెల అద్దె, బిల్లులకు సరిపడా, ఆపైన ఆరు నెలల ఖర్చుల దాకా. పెట్టుబడుల మాట దాని తర్వాతే. కరెంటు బిల్లుకు ఆ ఫండ్ కూడా ముట్టుకోవద్దు. ఈ ఏడాది వచ్చిన అతి పెద్ద బిల్లు చూసుకుని, అంత మొత్తం నెల మొదట్లోనే పక్కన పెట్టండి.

ఓనర్‌కి పై లెక్క రాసిచ్చి, ఎక్కువ కట్టిన 357 వచ్చే నెల బిల్లులో తగ్గించమనండి. మిగతా ఇద్దరినీ వెంట తీసుకెళ్లండి, వాళ్లకూ తిరిగి రావాల్సింది ఉంది.