నాలుగేళ్లు కట్టినా అసలు ఎందుకు తగ్గలేదు?

"40 లక్షల హోమ్‌లోన్, 8.5 శాతం, 20 ఏళ్లు. ఈఎంఐ 34,713. నాలుగేళ్లలో 16 లక్షల పైనే కట్టాను, అయినా ఇంకా 36 లక్షలకు పైగా బాకీ చూపిస్తోంది. బ్యాంకు లెక్క తప్పా? ఇంటి ఖర్చు నెలకు 30 వేలు. దాచుకున్నది 3 లక్షలు, దానికి పర్సనల్ లోన్ 2 లక్షలు కలిపి అసలుకి కట్టేయనా?" - ప్రైవేటు ఉద్యోగి, గుంటూరు

లెక్క తప్పేం లేదండీ. వడ్డీని ఏ నెలకానెల మిగిలిన బాకీ మీదే వేస్తారు, ఈఎంఐలో ముందు ఆ వడ్డీ పోయాకే మిగిలింది అసలుకి జమ అవుతుంది. మీ మొదటి నెల చూడండి: 40 లక్షల మీద నెల వడ్డీ 28,333, అంటే అసలుకి చేరింది 6,380 మాత్రమే. నాలుగేళ్లలో మీరు కట్టిన 16.66 లక్షల్లో సుమారు 13 లక్షలు వడ్డీకే పోయాయి, బాకీ తగ్గింది 3.63 లక్షలు. వచ్చే ఈఎంఐలో అసలు వాటా దాదాపు 8,950. రేటు మారకపోతే అసలు వాటా వడ్డీని దాటేది పన్నెండో ఏడాది చివర్లో, బాకీ సగానికి వచ్చేసరికి దాదాపు పద్నాలుగేళ్లు పడుతుంది.

ఇది చూసి కంగారుపడి చేతిలో ఉన్నదంతా బ్యాంకులో పోసేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. ఇప్పుడు 3 లక్షలు కడితే దాదాపు 30 ఈఎంఐలు తగ్గే మాట నిజమే, కాదనను. కానీ ఉద్యోగం పోతే ఆ డబ్బు మీరు అడిగినప్పుడు వెనక్కి రాదు. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి నెలకు 65 వేలు, ఆ 3 లక్షలు నాలుగున్నర నెలలకే సరిపోతాయి. ఆరు నెలలకి 3.9 లక్షలు కావాలి, అంటే మీకు ఇంకా 90 వేలు తక్కువ. 90 రోజులు కిస్తీ ఆగితే ఖాతా మొండి బాకీ కింద పడుతుంది, ఆ తర్వాత 60 రోజుల గడువుతో నోటీసు వస్తుంది, అప్పటిదాకా ముందే కట్టేసిన లక్షలు మిమ్మల్ని కాపాడవు.

ఇక పర్సనల్ లోన్ మాట దయచేసి మర్చిపోండి. 8.5 శాతం అప్పు తగ్గించడానికి 14 శాతం అప్పా? మూడేళ్లకి తీసుకుంటే నెలకి మరో 6,835 భారం, అదీ చేతిలో రూపాయి లేనప్పుడు.

ముందు ఆ 90 వేలు పూర్తి చేసి మొత్తం విడిగా ఎఫ్‌డీలో పెట్టండి. అప్పు మొత్తానికి సరిపడా టర్మ్ పాలసీ లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. ఆ తర్వాత వచ్చే బోనస్ అసలుకి కట్టండి, ఫ్లోటింగ్ రేటు లోన్ అయితే దానికి చార్జీ ఉండదు. కట్టేటప్పుడు ఈఎంఐ కాదు, గడువు తగ్గించమని రాసివ్వండి. కొత్త షెడ్యూల్ తీసుకుని ఈఎంఐ అదే 34,713 ఉందా, చివరి నెల ముందుకు జరిగిందా చూసుకోండి.