‘కదా’కి ఒక్క తోక సరిపోదు

అమ్మాయీ,

నీ ఇంగ్లిష్ కథ చదివాను. బస్సు కోసం ఎదురుచూసే ఘట్టం బాగుంది. నాలుగో పేజీకల్లా ‘ఈజ్‌న్ట్ ఇట్’ పదకొండోసారి తగిలేసరికి మాత్రం చిరాకేసింది. అది తప్పా అని అడిగావు. మన ‘కదా’లా ప్రతి వాక్యం చివరా అదొక్కటే తోకగా తగిలిస్తే, ప్రామాణిక ఇంగ్లిష్‌లో తప్పే.

‘యూ ఆర్ కమింగ్ టుమారో’ అన్న నీ వాక్యమే చూడు. తోకలోకి ఆ వాక్యంలోని సహాయక క్రియే తిరిగి రావాలి, కర్త సర్వనామమై దాని పక్కన చేరాలి. వాక్యం అవునంటే తోక సాధారణంగా కాదంటుంది. అందుకని ‘ఆరెంట్ యూ’. ‘హీ లెఫ్ట్ ఎస్టర్‌డే’లో సహాయక క్రియ పైకి కనబడదు, ‘డిడ్’ని బయటికి లాగి ‘డిడ్‌న్ట్ హీ’ అనాలి. మీ మామ్మ పాత్ర ‘యువర్ ఫాదర్ నెవర్ రైట్స్’ అంటుంది చూడు, అక్కడ ‘నెవర్’లోనే కాదనడం ఉంది. కనుక తోక ‘డజ్ హీ’. ‘ఇట్ ఈజ్ హాట్’, ‘దిస్ ఈజ్ యువర్ హౌస్’ లాంటివాటికి నీ ‘ఈజ్‌న్ట్ ఇట్’ చక్కగా అతుకుతుంది.

అసలు చిక్కు మన ‘కదా’తో. అది క్రియనీ కర్తనీ పట్టించుకోదు, ఎక్కడైనా ఇమిడిపోతుంది. పైగా ప్రతిసారీ అది ప్రశ్న కూడా కాదు. ‘నిన్న వాన పడింది కదా, అందుకే రాలేదు’ అన్నప్పుడు మనం ఎవరినీ ఏమీ అడగడం లేదు, తెలిసిన సంగతిని గుర్తుచేస్తున్నాం. దాన్ని నువ్వు ‘ఇట్ రెయిన్డ్ ఎస్టర్‌డే, ఈజ్‌న్ట్ ఇట్, సో ఐ డిడ్‌న్ట్ కమ్’ అని రాశావు. అక్కడ ‘డిడ్‌న్ట్ ఇట్’ పెట్టినా వాక్యం బాగుపడదు. తోక తీసేసి ‘ఐ డిడ్‌న్ట్ కమ్ బికాజ్ ఇట్ రెయిన్డ్’ అను. నీ పదకొండులో ఐదు ఇలాంటివే.

మామ్మ మాటల్లో మాత్రం ఉంచు, మన ఊళ్ళలో ఇంగ్లిష్ అలాగే వినిపిస్తుంది. లండన్ వీధుల్లో ‘ఇన్నిట్’ కూడా ఏ వాక్యం చివరైనా వాలుతుంది. మనవాళ్ళ నోట వింటేనే కొందరు సంపాదకులకి నవ్వులాట. ఇంకొందరు పాత్రల సంభాషణ కూడా తోమి మామ్మని లండన్ దొరసానిని చేస్తారు. ఇద్దరి మాటా వినకు. కానీ కథ చెప్పేది మామ్మ కాదు, ఢిల్లీలో చదువుకున్న మనవరాలు. ఆ గొంతులో అదే తోక వస్తే పాత్ర మాట్లాడుతోందో, నువ్వు పొరబడ్డావో పాఠకుడికి తెలియదు.

ఏడో పేజీలో ‘ఐ యామ్ లేట్’ పక్కన ‘యామెంట్ ఐ’ అని రాసి కొట్టేశావు. కొట్టేయడం సబబే. అక్కడ ‘ఆరెంట్ ఐ’ అంటారు. ‘ఐ’ పక్కన ‘ఆర్’కి ఏం పని అని నన్నడక్కు, వాళ్ళ భాషలో అదలా స్థిరపడిపోయింది.