సమాధానం: వాలిడేటర్ ఆఫ్‌లైన్‌లో ఉంటే స్లాషింగ్ జరుగుతుందా?

“రాత్రి కరెంటు పోయి మా ఇథీరియం వాలిడేటర్ 6 గంటలు ఆగిపోయింది, బ్యాలెన్స్ కొంచెం తగ్గింది. ఇది స్లాషింగేనా? అవే కీలతో ఇంకో కంప్యూటర్‌ను సిద్ధంగా నడిపితే మంచిదా?”

ఇది స్లాషింగ్ కాదండీ. స్లాషింగ్ అంటే పరస్పర విరుద్ధమైన సంతకాలు చేసినందుకు పూచీ సొమ్ములో కోత వేసి బయటకు పంపే శిక్ష. ఈథర్‌ను పూచీగా పెట్టి బ్లాకులను సరిచూసే వాలిడేటర్, ప్రతి 6.4 నిమిషాల ఇపాక్‌లో ఒకసారి ఓటు వేయాలి. సరైన ఓటు సకాలంలో చేరితే ప్రతిఫలం వస్తుంది, అప్పుడప్పుడు బ్లాక్ ప్రతిపాదించే అవకాశం దక్కితే మరికొంత వస్తుంది. మీకు సుమారు 56 ఓట్లు తప్పాయి. తప్పిన ఓటుకు పడే జరిమానా దాని ప్రతిఫలం కంటే కాస్త తక్కువే కనుక, దాదాపు అంతే సమయం సక్రమంగా నడిస్తే తగ్గినది తిరిగి వస్తుంది.

రెండో కంప్యూటర్ ఆలోచన మాత్రం మానుకోండి, అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఒకే కీ రెండు చోట్ల నడిస్తే, ఒకే ఇపాక్‌లో రెండు భిన్నమైన ఓట్లు పడవచ్చు. ఆ రెండు సంతకాలే రుజువుగా మీ వాలిడేటర్ స్లాష్ అవుతుంది. 2025లో ఇథీరియంలో వచ్చిన పెక్ట్రా మార్పు తరువాత, పూచీగా ఉన్న 32 ఈథర్‌కు తొలి కోత సుమారు 0.0078 ఈథరే, అంతకుముందు 1 ఈథర్ ఉండేది. అయితే వాలిడేటర్‌ను బలవంతంగా బయటకు పంపుతారు, సొమ్ము కనీసం 36 రోజులు చిక్కుకుంటుంది, ఆ కాలమంతా ఓటు జరిమానాలు పడుతూనే ఉంటాయి. సుమారు 18వ రోజున మరో లెక్క చూస్తారు: అదే కాలంలో ఇంకా ఎందరు స్లాష్ అయితే కోత అంత పెరుగుతుంది, ఒంటరి పొరపాటుకు అది నామమాత్రమే.

యంత్రం మార్చక తప్పనప్పుడు పాతదాన్ని ఆపి, ఇప్పటికే చేసిన సంతకాల వివరాలుండే దాని స్లాషింగ్ రక్షణ డేటాబేస్‌ను ఫైలుగా ఎగుమతి చేసి, పాత యంత్రంలో కీలను తొలగించి, కొత్తదానిలో ఆ ఫైలును దిగుమతి చేశాకే నడపండి. కరెంటు సమస్యకు యూపీఎస్ చాలు.